ఒక్క ఆర్డరుకు రెండు కోతలు

ఆన్‌లైన్‌లో 1,849 రూపాయల కుక్కర్ కొంటున్నారనుకోండి. యూపీఐ పిన్ కొట్టాక ఫోన్ తెర తిరుగుతూనే ఉంది. డబ్బు వెళ్లలేదేమోనని వెనక్కి వచ్చి మళ్లీ కట్టారు. ఈసారి ఆర్డరు ఖాయమైంది. తీరా చూస్తే బ్యాంకు నుంచి రెండు మెసేజీలు.

మెసేజీలు రెండు వచ్చినంత మాత్రాన కోతలు రెండని కాదు. పేమెంట్ యాప్‌లో పాత లావాదేవీలు తెరవండి. ప్రతి చెల్లింపు కిందా సమయం, 12 అంకెల యూటీఆర్ నంబరు కనిపిస్తాయి. నంబరు ఒకటే అయితే డబ్బు ఒక్కసారే పోయింది. నంబర్లు వేరై, ఖాతా స్టేట్‌మెంట్‌లోనూ రెండు కోతలుంటే అప్పుడు ఫిర్యాదు చేయాలి.

ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ వాళ్లు ‘మాకు ఒక్క పేమెంటే కనిపిస్తోందండీ’ అంటారు. చాలాసార్లు అది అబద్ధం కాదు. మొదటి డబ్బు మీ ఖాతా దాటినా, అందిందన్న కబురు దుకాణానికి వేళకు చేరలేదు. ఆర్డరుకు అతుక్కున్నది రెండోదే. మొదటిది ఏ ఆర్డరుకూ చెందకుండా మధ్యలో ఉండిపోయింది. రెండింటికీ మొత్తం ఒకటే, కట్టిన ఖాతా ఒకటే. ఏది ఏదో తేల్చేవి సమయం, యూటీఆర్ మాత్రమే. అందుకే ‘డబ్బు రెండుసార్లు కట్ అయింది’ అని రాసి ఊరుకుంటే పని జరగదు. ఇలా రాయండి:

‘నా ఆర్డరు ఒక్కటే, నంబరు ఫలానా. మార్చి 4 రాత్రి 9:14కి 1,849 రూపాయలు, యూటీఆర్ ఫలానా. అదే రాత్రి 9:17కి మళ్లీ 1,849 రూపాయలు, యూటీఆర్ ఫలానా. ఆర్డరు ఖాయమైంది 9:17కి కట్టిన డబ్బుతో. 9:14కి కట్టినది వెనక్కి పంపండి. ఆర్డరు రద్దు చేయవద్దు.’

ఆ చివరి వాక్యం మరవకండి. కంగారులో ఆర్డరు రద్దు చేస్తే ఆర్డరుకు అతుక్కున్న డబ్బు తిరిగొస్తుంది, కుక్కర్ పోతుంది, అసలు చిక్కు అలాగే ఉంటుంది.

దుకాణానికి కబురు చేరని చెల్లింపును లావాదేవీ జరిగిన 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి వేయాలని రిజర్వు బ్యాంకు 2019లో చెప్పింది. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. దీని గురించి అడగాల్సింది మీ బ్యాంకును. రెండు చెల్లింపులూ దుకాణానికి చేరి ఉంటే మాత్రం ఈ నిబంధన పనికిరాదు, దుకాణమే రీఫండ్ ఇవ్వాలి. వాళ్ల గ్రీవెన్స్ అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఫిర్యాదు మాత్రం దుకాణం యాప్‌లోంచే చేయండి. గూగుల్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే మోసగాడు ఎత్తొచ్చు. రీఫండ్ కోసం ఎవరైనా పిన్ కొట్టమంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.