టమాటా గుజ్జు యూనిట్‌లో ముడిసరుకు బడ్జెట్

ఉత్పత్తి బడ్జెట్, ముడిసరుకు వినియోగ బడ్జెట్ ఎలా తయారుచేయాలో మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. అక్కడ ఉదాహరణకు తీసుకునేది సాధారణంగా ఇనుమో, ప్లాస్టిక్కో. అవి కుళ్ళవు, వాన పడితే పలచబడవు. ఈ పాఠంలో మనం టమాటా గుజ్జు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌ను తీసుకుందాం. ఇందులోని అంకెలు లెక్క కోసం ఊహించుకున్నవి.

ముందుగా ఉత్పత్తి బడ్జెట్. ఫిబ్రవరిలో 2,200 కిలోల గుజ్జు అమ్ముడవుతుందని అంచనా. నెలాఖరుకు 500 కిలోల నిల్వ ఉండాలి. నెల మొదట్లో చేతిలో 270 కిలోలు ఉన్నాయి. అమ్మకాలకు ముగింపు నిల్వను కలిపి, ప్రారంభ నిల్వను తీసివేస్తే ఉత్పత్తి కావలసింది 2,430 కిలోలు. ఇక్కడివరకు ఏ కర్మాగారానికైనా లెక్క ఒకటే.

ఇక టమాటాలు ఎన్ని కావాలి? దీనికి వెనకనుంచి ముందుకు రావాలి. గుజ్జులో కరిగిన ఘనపదార్థం 10 శాతం ఉండాలనీ, పండు రసంలో అది 5 శాతం ఉందనీ అనుకుందాం. అంటే రెండు కిలోల రసాన్ని మరిగించి, నీరు ఆవిరి చేస్తేనే కిలో గుజ్జు వస్తుంది. మనకు 4,860 కిలోల రసం కావాలి. ఇలా పోయే నీరు వృథా కాదు, ప్రక్రియలో భాగమే. అసలు వృథా రెండు చోట్ల ఉంది. కుళ్ళినవి, పగిలినవి ఏరివేసేటప్పుడు వచ్చిన సరుకులో 10 శాతం పోతుంది. పల్పర్‌లో తొక్క, గింజల రూపంలో మరో 10 శాతం పోతుంది.

చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. రెండూ కలిపి 20 శాతం కదా అని 4,860కి 20 శాతం కలిపి 5,832 కిలోలు కొంటారు. కాని వృథాను లెక్కించేది లోపలికి వెళ్ళే సరుకు మీద, బయటకు వచ్చే సరుకు మీద కాదు. అందుచేత కలపకూడదు, భాగించాలి. 4,860ని 0.90తో భాగిస్తే పల్పర్‌కు 5,400 కిలోలు. దాన్ని మళ్ళీ 0.90తో భాగిస్తే గేటు దగ్గర కొనవలసింది 6,000 కిలోలు. మొదటి లెక్కతో పోతే 168 కిలోల టమాటా తక్కువ పడి, సుమారు 68 కిలోల గుజ్జు తగ్గిపోతుంది.

కిలో 12 రూపాయల చొప్పున 6,000 కిలోలకు 72,000 రూపాయలు. అంటే కిలో గుజ్జుకు దాదాపు 30 రూపాయల టమాటా. (మార్కెట్లో ధర బాక్సుకు చెబుతారు. బాక్సు బరువు ఊరూరికీ మారుతుంది కనుక కిలోలోకి మార్చుకున్నాకే బడ్జెట్‌లో రాయండి.)

ఇప్పుడు జూలైకి వద్దాం. దేశంలో జూలై-ఆగస్టు, అక్టోబరు-నవంబరు నెలల్లో టమాటా దిగుబడి తక్కువ. 2023 జూలైలో చాలా నగరాల్లో చిల్లర ధర కిలో వంద రూపాయలు దాటింది. మన లెక్కకు 40 రూపాయలే అనుకుందాం. ధరను మాత్రం మార్చి, పరిమాణాన్ని 6,000 దగ్గరే ఉంచితే బడ్జెట్ తప్పుతుంది. వానలకు పండులో నీరు పెరిగి ఘనపదార్థం 4.5 శాతానికి దిగితే అదే 2,430 కిలోల గుజ్జుకు 5,400 కిలోల రసం కావాలి. పల్పర్‌కు 6,000 కిలోలు వెళ్ళాలి. ఏరివేత 15 శాతమైతే కొనవలసింది సుమారు 7,059 కిలోలు. ఖర్చు 2,82,000 రూపాయలు దాటుతుంది, అంటే కిలో గుజ్జుకు 116 రూపాయలు. ధర పెరిగిన నెలలోనే వాడకమూ పెరుగుతుందన్నమాట! కనుక వినియోగ బడ్జెట్‌లో ఏడాదంతటికీ ఒకే ప్రమాణం వేయకండి. లోడు వచ్చిన రోజే రిఫ్రాక్టోమీటరుతో రసం చుక్క చూస్తే ఘనపదార్థం ఎంతో తెలిసిపోతుంది.

మరి ఫిబ్రవరిలోనే ఎక్కువ చేసి దాచితే? సీసా గోదాములో ఉండటానికి, పెట్టుబడి మీద వడ్డీకి ఐదు నెలలకు కిలోకు 6 రూపాయలు వేసుకుందాం. గుజ్జు 36 రూపాయలు పడుతుంది. జూలైలో కిలో గుజ్జుకు 2.9 కిలోల టమాటా కావాలి కనుక, అప్పటి ధర 12.40 రూపాయలు దాటితే చాలు, దాచడమే లాభం. అలాగని ఎంతైనా చేయలేం. 2,430 కిలోల గుజ్జుకు అంతే బరువు నీటిని మరిగించి పంపాలి. మరిగించే కెటిల్ రోజుకు ఎంత నీరు తీయగలదో, ఐదు నెలలు డబ్బు బిగిసిపోయినా కూలీ చెల్లించగలమో చూసుకునే అదనపు ఉత్పత్తి నిర్ణయించాలి.

నెలాఖరున వాడకం బడ్జెట్‌ను మించితే ధరను నిందించే ముందు రెండు తూకాలు చూడండి. ఏరివేత గంపల బరువు పెరిగితే లోపం కొనుగోలులోనో రవాణాలోనో ఉంది. పల్పర్ నుంచి వచ్చే తొక్కు పిండితే రసం కారుతూ ఉంటే, లోపం యంత్రం జల్లెడలోనో రెక్కల ఎడంలోనో ఉంది.