ముక్కుపుడక ఎటు పోయింది?

అమ్మానాన్నల షష్టిపూర్తి ఆహ్వానపత్రిక కోసం అమ్మ ఫోటో ఒకటి ఇచ్చి, పట్టుచీరలో కొత్త బొమ్మ తయారుచేయమని ఏఐని అడిగారనుకుందాం. ముఖం అచ్చం అమ్మదే. కానీ కుడివైపు ముక్కుపుడక ఎడమకు చేరింది, బుట్టకమ్మలు రెండూ రెండు రకాలయ్యాయి, కళ్లజోడు ఫ్రేము మారిపోయింది.

ముఖం కుదిరి నగలు కుదరకపోవడానికి కారణముంది. ఇన్‌స్టంట్‌ఐడీ వంటి పద్ధతుల్లో పోలికను పట్టేది ముఖాలను గుర్తించే మోడల్. కళ్లజోడు పెట్టినా తీసినా మనిషి ఒకరేనని చెప్పడమే దాని పని. కాబట్టి అలంకారాలను అది పెద్దగా లెక్కచేయదు. పైగా అది చూసేది ముఖాన్ని దగ్గరగా కత్తిరించిన చిన్న ముక్కనే. వేలాడే కమ్మలు చాలాసార్లు ఆ ముక్కలోకే రావు.

రెండో చిక్కు సైజు. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి వెర్షన్లు 512 చుక్కల వెడల్పున్న బొమ్మను 64 గడులకు కుదించుకుని పనిచేస్తాయి. అంటే 24 చుక్కల ఎత్తున్న బుట్టకు దక్కేది మూడు గడులే. అందులో కింద వేలాడే ముత్యాలు ఎక్కడ ఇముడుతాయి?

అందుకే ముందు మూల ఫోటోను పరీక్షించాలి. సెల్ఫీలు కొన్ని ఫోన్లలో అద్దంలో కనిపించినట్టే తిరగబడి సేవ్ అవుతాయి. ఎడమ భుజం మీదుండే పైట కుడి భుజం మీద కనిపిస్తే ఫోటో తిరగబడినట్టే, సరిచేశాకే వాడాలి. ముఖం పక్కకు తిరిగి ఉంటే రెండో చెవి కనిపించదు, దాన్ని ఏఐ ఊహించి గీస్తుంది. ఆ చెవి కనిపించే మరో ఫోటో దగ్గర పెట్టుకోండి.

బొమ్మ వచ్చాక చెవి భాగాన్ని మాత్రమే దిద్దాలి. అసలు ఫోటోలోని కమ్మను కత్తిరించి, కొత్త బొమ్మలో దాని చోట అతికించి, చుట్టూ మాస్క్ గీయండి. `Only masked` ఎంచుకుంటే ఆ ముక్క ఒక్కటే పెద్దదై, అన్ని గడులూ దానికే దక్కుతాయి. `Denoising strength` 0.3 దగ్గర ఉంచితే అతుకు, వెలుగునీడలు కలిసిపోతాయి. 0.7కి పెంచారో, కంసాలి ఎరగని కొత్త నగ పుడుతుంది!

కళ్లజోడును మాత్రం ఇలా చివర్లో అతికించడం నాకు నచ్చదు. మైనస్ పవర్ అద్దంలోంచి చూస్తే చెంప అంచు కాస్త లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది, ఫ్రేము నీడ ముక్కు మీద పడుతుంది. ఇవి లేకపోతే జోడు ముఖం మీద తేలుతున్నట్టుంటుంది. దాన్ని మొదటి బొమ్మలోనే రప్పించుకోవాలి. కాడలు రెండూ చెవుల దాకా వెళ్లాయో లేదో చూడండి.

నిలువెత్తు బొమ్మలో ముఖమే చిన్నది, కమ్మ ఇంకా చిన్నది. పత్రికకు నడుం దాకా ఉన్న బొమ్మ చాలు.