మేత వెళ్లింది, మరి బిల్లేది? ఆర్డర్ టు క్యాష్ ఫ్లోచార్ట్

కైకలూరులో చేపల మేత అమ్మే ఒక డీలర్ ఉన్నాడనుకుందాం. చెరువు రైతు ఫోన్ చేస్తాడు, గోడౌన్ నుంచి లోడ్ వెళ్తుంది, బిల్లు పడుతుంది, చేపల పట్టుబడి అయ్యాక డబ్బొస్తుంది. ఆర్డర్ టు క్యాష్ అంటే ఇదే.

ఇందులో లొసుగు ఎక్కడుందో తెలియాలంటే, ఒక్క ఆర్డర్ పట్టుకుని చివరిదాకా దాని వెంటే వెళ్లాలి. దీన్నే వాక్‌త్రూ అంటారు. "ఎలా చేస్తారు?" అని అడిగి ఊరుకోకండి. "ఆ కాగితం చూపించండి" అనండి.

ఇప్పుడు పేపర్ మీద నాలుగు నిలువు వరసలు గీయండి: ఆర్డర్, గోడౌన్, బిల్లింగ్, వసూళ్లు. పనికి పెట్టె, అవునా కాదా అని తేల్చేచోట డైమండ్, కాగితం చేతులు మారితే బాణం. ప్రతి బాణం దగ్గరా ఒకటే ప్రశ్న: ఈ కాగితం అవతలికి చేరకపోతే ఎవరికి తెలుస్తుంది?

మన ఉదాహరణలో 412 నంబర్ చలాన్ మీద 100 బస్తాలు వెళ్లాయి. డ్రైవర్ ఆ చలాన్ బిల్లింగ్‌లో ఇవ్వలేదు. బిల్లు లేదు కాబట్టి రైతు ఖాతాలో బాకీ లేదు, అడిగేవాళ్లూ లేరు. బస్తా 1,500 అనుకుంటే లక్షన్నర! బొమ్మలో బాణం ఉంది, సరిచూసే డైమండ్ లేదు. అదే గ్యాప్. బిల్లుల నుంచి వెనక్కి వెతికితే ఇది ఎప్పటికీ కనపడదు. చలాన్ నుంచే ముందుకెళ్లాలి.

మరి ఏం చేయాలి? గోడౌన్‌తో, బిల్లింగ్‌తో సంబంధం లేని మూడో మనిషి రోజూ సాయంత్రం చలాన్ నంబర్లు వరసగా బిల్లులతో టిక్ పెట్టాలి. 411, 413 ఉండి 412 లేకపోతే అదే రోజు దొరికిపోతుంది.

అయితే ఒక ఆర్డర్ చూస్తే ఆ తనిఖీ ఉందని మాత్రమే తెలుస్తుంది. ఏడాదంతా చేశారో లేదో తేలాలంటే వేరే రోజుల టిక్‌లు కూడా తీసి చూడాల్సిందే.