గడ్డం మీది మొటిమలు ఎందుకు తగ్గవు?

పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. వయసు 16 ఏళ్లు. నుదుటి మీది మొటిమలు తగ్గాయి గాని, గడ్డం మీద, దవడ అంచు వెంబడి నొప్పిపెట్టే గట్టి మొటిమలు వస్తూనే ఉన్నాయి. రోజుకు ఐదుసార్లు సబ్బుతో ముఖం కడుగుతోంది. అయినా లాభం లేదు. లోపం ఆమె శుభ్రతలో ఉందా?

లేదు. మొటిమ ఎలా పుడుతుందో చూడండి. మన చర్మంలో వెంట్రుక కుదుళ్లను ఆనుకొని చిన్న తైలగ్రంథులు ఉంటాయి. అవి తయారుచేసే జిడ్డు సన్నని నాళం గుండా పైకి వస్తుంది. ఆండ్రోజన్లు అనే హార్మోన్లు పెరిగితే జిడ్డు కూడా పెరుగుతుంది. రాలిన చర్మకణాలు ఆ జిడ్డుతో కలిసి నాళాన్ని బిరడాలా మూసేస్తాయి. లోపల బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. అదే మొటిమ.

ఆండ్రోజన్లు మగవారిలో ఎక్కువగాను, ఆడవారిలో కొద్దిగాను ఉంటాయి. పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ ఉన్న అమ్మాయిల్లో అండాశయాలు వీటిని ఎక్కువగా తయారుచేస్తాయి. వీరిలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుచేత క్లోమం మరింత ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాలను ఇంకా పురిగొల్పుతుంది. గడ్డం, దవడ ప్రాంతపు కుదుళ్లు ఆండ్రోజన్లకు త్వరగా స్పందిస్తాయి. అబ్బాయిలకు గడ్డం మొలిచేది అక్కడే కదా! రక్తంలోని హార్మోన్‌ను సబ్బు కడగలేదు.

అయితే మొటిమలున్న ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నట్లు కాదు. మన అమ్మాయి 12వ ఏట రజస్వల అయింది. నాలుగేళ్లు గడిచినా నెలసరి రెండు నెలలకొకసారి వస్తోంది. మూడేళ్లు దాటాక కూడా నెలసరుల మధ్య తరచు 35 రోజులు మించుతుంటే డాక్టరును కలవాలి. రక్తపరీక్ష అవసరమవుతుంది. ఈ వయసులో స్కానింగు మాత్రం అంతగా ఉపయోగపడదు. ఆరోగ్యవంతుల అండాశయాలు కూడా అప్పుడు అలాగే కనిపించవచ్చు.

వైద్యం రెండు వైపుల నుంచి జరగాలి. బయట: రోజుకు రెండుసార్లు మృదువుగా ముఖం కడగాలి. డాక్టరు అడాపలీన్ వంటి క్రీము రాస్తే, రాత్రిపూట బఠాణీగింజంత తీసుకొని, మొటిమ మీదనే కాక ఆ ప్రాంతమంతా పలుచగా పూయాలి. మొదట్లో చర్మం పొడిబారుతుంది. గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఎందుకంటే ఈవేళ కనిపించే మొటిమకు బిరడా కొన్ని వారాల కిందటే పడింది. లోపల: హార్మోన్లను అదుపుచేసే మాత్రలను డాక్టరే నిర్ణయించాలి. వాటికి 3 నుంచి 6 నెలలు పట్టవచ్చు.

మన అమ్మాయి నెల తిరగకముందే క్రీము మానేసింది. పొరుగువారు చెప్పిన మరో క్రీము పూసింది. అందులో స్టిరాయిడ్ ఉంది. వారంలో ముఖం నునుపెక్కింది. కాని తరువాత మొటిమలు రెట్టింపయ్యాయి. క్రీము బిరడాను తీయగలదు గాని, గ్రంథికి అందే ఆజ్ఞను ఆపలేదు. అందుకే లోపలి వైద్యం లేకుండా క్రీము మానితే మొటిమలు తిరిగి వస్తాయి.

మీకూ ఇలాగే ఉంటే నెలసరి తేదీలను క్యాలెండరులో గుర్తుపెట్టి, అమ్మతో చెప్పి, డాక్టరుకు చూపించండి. ఆయన మొదట అడిగేవి ఆ తేదీలే.