రెండు క్లిక్కుల్లో టీకా వేళలు

వెబ్‌సైటు తయారీకి దిగేముందు ఏ పేజీ కింద ఏ పేజీ ఉండాలో కాగితం మీద గీసుకునే పటమే సైట్ మ్యాప్. చూడడానికి వంశవృక్షంలా ఉంటుంది. పైన హోమ్ పేజీ, దాని కింద మెనూలో కనిపించే పేజీలు, వాటి కింద వాటి పిల్లలు. ఒక్కో వరుస దిగడానికి ఒక్కో క్లిక్ పడుతుంది.

ఒక జనరల్ ఫిజీషియన్, ఒక పిల్లల డాక్టరు ఉన్న చిన్న క్లినిక్‌నే తీసుకుందాం. పటం గీయమంటే చాలామంది ఆసుపత్రి విభాగాల వరుసలోనే గీస్తారు: హోమ్, మా గురించి, విభాగాలు, పిల్లల విభాగం, సేవలు, టీకాలు. బిడ్డకు టీకా ఎప్పుడు వేస్తారో తెలుసుకోవాలంటే తల్లి ఐదు క్లిక్కులు చేయాలి. ఒక్కచోట దారి తప్పినా వెనక్కి రావాలి.

అందుకే విభాగాలను పక్కన పెట్టి, రోగులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలను చీటీల మీద రాయాలి. ఒకే రకం చీటీలను ఒక కుప్పగా పేర్చితే రెండో వరుస దానంతటదే తేలుతుంది: డాక్టర్లు, సేవలు, ఓపీ వేళలు–ఫీజు, అపాయింట్‌మెంట్, చిరునామా. డాక్టర్ల కింద ఇద్దరికీ చెరో పేజీ. సేవల కింద సాధారణ వైద్యం, టీకాలు, షుగరు–బీపీ, రక్త పరీక్షలు, ఈసీజీ, గాయాలకు కట్లు. హోమ్‌తో కలిపి మొత్తం 14 పేజీలు, మూడే వరుసలు. ఇప్పుడు టీకాల పేజీకి రెండు క్లిక్కులు చాలు. పిల్లల డాక్టరు పేజీ నుంచి కూడా అక్కడికి లింకు ఇవ్వాలి. పటంలో దాన్ని చుక్కల గీతతో చూపిస్తే టీకాల పేజీని రెండుచోట్ల రాయనక్కర్లేదు.

లోతు తగ్గితే మేలని ప్రయోగాలు కూడా చెప్పాయి. 1998లో పరిశోధకులు కెవిన్ లార్సన్, మేరీ చెర్విన్‌స్కీ 512 అంశాలను రకరకాలుగా అమర్చి పరీక్షించారు. పేజీకి ఎనిమిదేసి చొప్పున మూడు మెట్లుగా పెట్టినప్పటికంటే, 16, 32 చొప్పున రెండు మెట్లుగా పెట్టినప్పుడు జనం త్వరగా వెతుక్కోగలిగారు.

అలాగని 14 పేజీలనూ హోమ్ మీదే పరచకూడదు. చిన్న ఫోను తెరపై అది పొడవాటి జాబితా అవుతుంది, కావలసింది అందులో మునిగిపోతుంది. పేర్లు మసకగా ఉన్నా ఇదే చిక్కు. ‘సమాచారం’, ‘ఇతరములు’ అని రాస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఒకే ఒక్క పిల్ల ఉన్న పేజీ పటంలో కనిపిస్తే ఆ మెట్టు దండగ. రెంటినీ కలిపేయాలి.

పటం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి వెబ్‌సైటు పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. క్లినిక్‌కు వచ్చిన ఐదారుగురికి రెండో వరుస పేర్లు మాత్రమే చూపించి, “షుగరు పరీక్షకు ఎక్కడ నొక్కుతారు?” అని అడగండి. ఎక్కువమంది ‘డాక్టర్లు’ అంటే తప్పు వారిది కాదు, పటానిది. దిద్దాల్సింది అప్పుడే, కాగితం మీద ఉండగానే.