రాణిని వెతకడమెందుకు?

బ్రిడ్జ్ నేర్చుకున్నవాళ్లు ముందుగా మోజుపడే ఎత్తుగడ ఫినెస్. డమ్మీలో కళావరు ఆసు, రాణి ఉన్నాయి, రాజు ప్రత్యర్థుల దగ్గరుంది అనుకుందాం. డిక్లేరర్ తన చేతిలోంచి చిన్న కళావరు వేస్తాడు. ఎడమవైపు ఆటగాడు కూడా చిన్నదే వేస్తే డమ్మీ నుంచి రాణిని దించుతాడు. రాజు ఎడమవైపు ఉంటే రాణి గెలుస్తుంది, కుడివైపు ఉంటే పోతుంది. ఇంకే ఆధారమూ లేనప్పుడు అవకాశం సగానికి సగం.

ఆ సగంతో పనిలేని చేతులూ వస్తాయి. తురుపు ఇస్పేటు, కాంట్రాక్టు నాలుగు ఇస్పేట్లు, అంటే పది ట్రిక్కులు కావాలి.

డమ్మీ
ఇస్పేటు: రాణి, 9, 6, 4, 3
ఆఠీను: రాజు, 5
డైమండ్: 5, 4, 2
కళావరు: రాజు, జాకీ, 4

డిక్లేరర్
ఇస్పేటు: ఆసు, రాజు, జాకీ, 10, 2
ఆఠీను: ఆసు, 8
డైమండ్: 8, 7, 6
కళావరు: ఆసు, 10, 5

ఎడమవైపు ఆటగాడు ఆఠీను రాణితో మొదలుపెట్టాడు. తురుపులో ఐదు, ఆఠీనులో రెండు, కళావరులో రెండు కలిపితే తొమ్మిది. డైమండ్లలో మూడు పోవడం ఖాయం. కాబట్టి పదోది కళావరు నుంచే రావాలి. ఆ రంగు రాణిని ఇటునుంచైనా అటునుంచైనా ఫినెస్‌తో పట్టొచ్చు, కానీ అది ఎవరి దగ్గరుందో తెలియదు. తొందరపడేవాళ్లు ఇక్కడే ఊహ మీద ఆడేస్తారు.

నిదానంగా ఆడేవాళ్లు కళావరును ముట్టుకోరు. ఆఠీను గెలిచి, ప్రత్యర్థుల తురుపు ముక్కలన్నీ లాగేస్తారు. మిగిలిన పెద్ద ఆఠీనునూ ఆడేస్తారు. ఇప్పుడు రెండు చేతుల్లోనూ ఆఠీనులు లేవు, తురుపు మాత్రం రెండింట్లోనూ ఉంది. అప్పుడు డైమండ్ వేసి ఆటను ప్రత్యర్థులకు అప్పగిస్తారు.

వాళ్లు మూడు డైమండ్లు పట్టుకుంటారు. తర్వాత ఏది వేసినా నష్టమే. కళావరు వేస్తే రెండో చేతి నుంచి చిన్నది వేస్తే చాలు: మూడో ఆటగాడు రాణి వేస్తే పెద్ద ముక్క దాన్ని పడుతుంది, వేయకపోతే జాకీనో పదో గెలుస్తుంది. రాణినే నేరుగా వేస్తే ఆసో రాజో కొడుతుంది. ఆఠీను లేదా డైమండ్ వేస్తే డిక్లేరర్ చేతిలో తురుపుతో కొట్టి, డమ్మీ నుంచి కళావరు 4 పారేస్తాడు. తర్వాత కళావరు రాజు, ఆసు ఆడి, మూడో కళావరును డమ్మీలో తురుపుతో కొడతాడు. రాణి ఎక్కడున్నా పది ట్రిక్కులు వచ్చినట్టే.

రెండో ఆఠీనును ముందే ఆడటం మరిచిపోతే కథ తిరగబడుతుంది. మూడో డైమండ్ గెలిచిన ప్రత్యర్థి నిశ్చింతగా ఆఠీను వేసి బయటపడతాడు.

ప్రత్యర్థులు గట్టివాళ్లయినా ఇదే చిక్కు. మొదటే డైమండ్లు మూడూ పట్టుకుని ఆఠీను వేస్తే, వాళ్లను ఇరికించడానికి డిక్లేరర్ దగ్గర ఓడే ముక్క మిగలదు. అప్పుడు కళావరు రాణి ఎవరి దగ్గరుందో ఊహించి ఫినెస్ ఆడాల్సిందే.