గీత వాలు, గీత కింద చోటు

జర్మనీలోని బ్రెమెన్ నగరంలో 146 మీటర్ల ఎత్తున ఒక సన్నటి తెల్లటి బురుజు ఉంది. స్థానిక విశ్వవిద్యాలయానికి చెందిన ఈ కట్టడంలో 1990 నుంచి వస్తువులను పైనుంచి జారవిడిచే ప్రయోగాలు జరుగుతున్నాయి. బురుజు లోపల, గోడలకు ఆనకుండా, మూడున్నర మీటర్ల వెడల్పున్న ఉక్కు గొట్టం నిటారుగా నిలబడి ఉంటుంది. ప్రయోగానికి ముందు పంపులతో అందులోని గాలిని దాదాపు పూర్తిగా తోడేస్తారు. తరువాత పరికరాలు అమర్చిన ఒక పెద్ద గుళికను పైనుంచి వదులుతారు. అది 110 మీటర్లు పడి, అడుగున పాలిస్టిరీన్ గింజలు నింపిన తొట్టిలో కూరుకుపోతుంది. పడేది 4.74 సెకన్లే. ఆ కాస్త సమయంలో గుళిక లోపల భారం తెలియని స్థితి ఏర్పడుతుంది. మంట ఎలా మండుతుందో, ద్రవం ఎలా కదులుతుందో శాస్త్రవేత్తలు అప్పుడు గమనిస్తారు.

తొమ్మిదో తరగతి పుస్తకంలో కనిపించే వేగ–కాల గ్రాఫును అర్థం చేసుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం. బయట ఏ వస్తువు పడినా గాలి అడ్డుకుంటుంది, గీత వంగుతుంది. ఈ గొట్టంలో గాలి లేదు కాబట్టి గీత నిజంగానే తిన్నగా వస్తుంది.

కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి దాని మీద సెకన్లు, నిలువుగా మరొకటి గీసి దాని మీద వేగం గుర్తిద్దాం. కిందికి వెళ్లే దిశను ప్రస్తుతానికి ధనాత్మకంగా తీసుకుందాం. వదిలిన క్షణంలో గుళిక వేగం సున్నా. ఒక సెకను తరువాత సెకనుకు 9.8 మీటర్లు, రెండు సెకన్లకు 19.6, మూడింటికి 29.4. ఈ చుక్కలను కలిపితే మూల నుంచి పైకి సాగే సరళరేఖ వస్తుంది. 4.74 సెకన్ల దగ్గర అది సుమారు 46.5 మీటర్లను చేరుకుంటుంది. గంటకు కిలోమీటర్లలో చెప్పాలంటే అది 167.

ఈ గీతను రెండు రకాలుగా చదవవచ్చు. మొదటిది వాలు. గీత మీద ఏవైనా రెండు చుక్కలు ఎంచుకుని, వాటి మధ్య వేగం ఎంత మారిందో, ఆ మార్పుకు ఎంత సమయం పట్టిందో చూడాలి. ఒకటో సెకను దగ్గర 9.8, మూడో సెకను దగ్గర 29.4. వేగంలో తేడా 19.6, కాలంలో తేడా 2. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 9.8 వస్తుంది. అదే త్వరణం, అంటే సెకను సెకనుకూ వేగం ఎంత చొప్పున మారుతోందో చెప్పే కొలత. చుక్కలు ఎక్కడ ఎంచుకున్నా ఇదే జవాబు వస్తుంది. గీత తిన్నగా ఉందంటే త్వరణం మారడం లేదని అర్థం. ‘సమత్వరణం’ అని పుస్తకాలు చెప్పేది దీన్నే.

ఇక్కడ చాలామంది విద్యార్థులు ఒక తొందరపాటు చేస్తారు. ఏదో ఒక చుక్క దగ్గరి వేగాన్ని అక్కడి కాలంతో భాగించి దాన్నే త్వరణం అంటారు. పై గీత సున్నా నుంచి మొదలైంది కాబట్టి ఆ పద్ధతి యాదృచ్ఛికంగా సరిపోతుంది. గుళికను వదలడానికి బదులు సెకనుకు 5 మీటర్ల వేగంతో కిందికి నెట్టారనుకుందాం. రెండో సెకను దగ్గర వేగం 24.6 అవుతుంది. రెండుతో భాగిస్తే 12.3 వస్తుంది. అది తప్పు. తేడాను భాగించాలి: 24.6లోంచి 5 తీసేస్తే 19.6, దాన్ని 2తో భాగిస్తే మళ్లీ 9.8.

రెండో చదువు వైశాల్యం. గీతకూ అడుగునున్న కాలం గీతకూ మధ్య చిక్కిన చోటే స్థానభ్రంశం. కాగితం మీద చోటు నేల మీద దూరం ఎలా అవుతుందన్న సందేహం సహజం. వేగం మారకుండా ఉన్నప్పుడు జవాబు తేలిక. సెకనుకు 10 మీటర్ల చొప్పున 6 సెకన్లు కదిలితే 60 మీటర్లు. గ్రాఫులో అది 10 ఎత్తు, 6 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. ఎత్తు ప్రమాణం సెకనుకు మీటర్లు, వెడల్పు ప్రమాణం సెకన్లు. గుణిస్తే సెకన్లు ఎగిరిపోయి మీటర్లు మిగులుతాయి.

వేగం మారుతున్నప్పుడు కాలాన్ని సన్నని ముక్కలుగా కోయాలి. సెకనులో నూరో వంతులో వేగం పెద్దగా మారదు కాబట్టి ఆ ముక్కను సన్నని దీర్ఘచతురస్రంగానే భావించవచ్చు. అలాంటి ముక్కలన్నీ పక్కపక్కన పేర్చితే గీత కింది చోటు నిండుతుంది. ముక్కలు సన్నబడేకొద్దీ పైఅంచున మిగిలే చిన్న చిన్న మెట్లు మాయమవుతాయి.

గుళిక విషయంలో ఆ చోటు ఒక త్రిభుజం. భూమి 4.74, ఎత్తు 46.5. రెండింటి లబ్ధంలో సగం సుమారు 110. అంటే బురుజులో గుళిక పడే దూరం ఎంతో టేపు పెట్టకుండానే గ్రాఫు చెప్పేసింది. మూడో సెకనుకూ నాలుగో సెకనుకూ మధ్య ఎంత పడిందో కావాలంటే అక్కడి ముక్కను మాత్రమే చూడాలి. అది ఒక సమలంబ చతుర్భుజం. ఒక అంచు 29.4, రెండో అంచు 39.2, వెడల్పు ఒక సెకను. అంచుల సగటు 34.3, కాబట్టి ఆ ఒక్క సెకనులో పడింది 34.3 మీటర్లు. మొదటి సెకనులో పడింది 4.9 మీటర్లే.

త్వరణం స్థిరంగా ఉంటే మొదటి వేగానికీ చివరి వేగానికీ సగటు తీసి కాలంతో గుణిస్తే చాలన్న సూత్రం 14వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ పండితులకు తెలుసు. అదే శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన నికోల్ ఒరెమ్ దాన్ని బొమ్మగా గీసి నిరూపించాడు. కాలాన్ని అడ్డంగా, వేగాన్ని నిలువుగా ఊహించి, త్రిభుజం వైశాల్యం సగం ఎత్తున్న దీర్ఘచతురస్రం వైశాల్యానికి సమానమని చూపాడు. గెలీలియో 1638లో అచ్చైన తన పుస్తకంలో పడే వస్తువుల గురించి వాదించేటప్పుడు ఇలాంటి బొమ్మనే ఉపయోగించాడు.

బ్రెమెన్ బురుజులో 2004 నుంచి మరో ఏర్పాటు ఉంది. గొట్టం అడుగున అమర్చిన యంత్రం గుళికను కింది నుంచి పైకి విసురుతుంది. అది పైదాకా వెళ్లి, తిరిగి కిందికి వస్తుంది. ఈ రాకపోకలన్నీ కలిపి 9.3 సెకన్లు, అంటే ప్రయోగానికి దొరికే సమయం దాదాపు రెట్టింపు. గ్రాఫు అసలు రుచి తెలిసేది ఇక్కడే.

ఈసారి పైకి వెళ్లే దిశను ధనాత్మకంగా తీసుకుందాం. ఎటు ధనం, ఎటు ఋణం అన్నది మన ఇష్టం, కానీ ఒకసారి ఎంచుకున్నాక లెక్క పూర్తయ్యేదాకా మార్చకూడదు. వెళ్లడానికీ రావడానికీ సమానంగా 4.65 సెకన్లు. గురుత్వం సెకనుకు 9.81 చొప్పున వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి, విసిరినప్పటి వేగం 4.65ను 9.81తో గుణించగా వచ్చిన 45.6 అయి ఉండాలి. గీత 45.6 దగ్గర మొదలై కిందికి వాలుతుంది. 4.65 సెకన్ల దగ్గర కాలం గీతను తాకి, ఆగకుండా దాన్ని దాటి, 9.3 సెకన్లకు మైనస్ 45.6ను చేరుకుంటుంది. మొదటి నుంచి చివరిదాకా అది ఒకే సరళరేఖ. ఎక్కడా విరుపు లేదు.

గీత సున్నాను తాకిన చోట గుళిక గొట్టం పైభాగాన క్షణకాలం నిలిచింది. అక్కడ వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నాయేనని చెప్పేవాళ్లు క్లాసులో ఎప్పుడూ ఎక్కువమందే ఉంటారు. గ్రాఫు కాదంటుంది. ఆ చోట గీత ఎత్తు సున్నా, వాలు మాత్రం మైనస్ 9.81. త్వరణం నిజంగా సున్నా అయితే ఆపైన గీత అడ్డంగా సాగాలి, అంటే గుళిక గాల్లో అలాగే నిలిచిపోవాలి. కాలం గీతను దాటడమంటే దిశ మారడమే.

ఇప్పుడు వైశాల్యం చూద్దాం. కాలం గీతకు పైనున్న త్రిభుజం వైశాల్యం సుమారు 106 మీటర్లు. గుళిక ఎక్కిన ఎత్తు అది. కింద ఉన్న త్రిభుజమూ అంతే పెద్దది, కానీ దాన్ని మైనస్ గుర్తుతో లెక్కించాలి. రెండూ కలిపితే సున్నా. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చింది కాబట్టి స్థానభ్రంశం సున్నా కావడం సబబే. తిరిగిన దూరం కావాలంటే గుర్తులు పక్కనపెట్టి రెంటినీ కూడాలి, 212 మీటర్లు వస్తుంది. మధ్యలో, 6.65 సెకన్ల దగ్గర ఆపి చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. అప్పటికి సున్నా దాటి 2 సెకన్లయింది, వేగం మైనస్ 19.6. కింది చిన్న త్రిభుజం 19.6 మీటర్లు. స్థానభ్రంశం 106లోంచి 19.6 తీసేయగా 86.4. దూరం 106కు 19.6 కలపగా 125.6.

అయితే ఈ 86.4 దేని నుంచి కొలిచింది? విసిరిన చోటి నుంచి. ఆ చోటు నేలకు ఎంత ఎత్తులో, ఎంత లోతులో ఉందో వేగ–కాల గ్రాఫు చెప్పదు. స్థానంలో వచ్చిన మార్పే అందులో ఉంటుంది. అందుకే గీత కిందికి వాలుతుంటే వస్తువు కిందికి పడుతోందని అనుకోవడమూ పొరపాటే. మొదటి 4.65 సెకన్లు గీత దిగుతూనే ఉంది, గుళిక మాత్రం ఎక్కుతూనే ఉంది.

ఇక మిగిలింది ఆగే ఘట్టం. పైనుంచి జారవిడిచిన గుళిక సెకనుకు 46.5 మీటర్ల వేగంతో గింజల తొట్టిలోకి దిగుతుంది. తొట్టి లోతు సుమారు 8 మీటర్లు. గుళిక సమత్వరణంతో ఆ లోతంతా వాడుకుని ఆగిందనుకుంటే, గ్రాఫులో అది నిటారుగా దిగే చిన్న త్రిభుజం. వైశాల్యం 8 కావాలి, ఎత్తు 46.5 కాబట్టి భూమి 0.34 సెకన్లు. వాలు లెక్కిస్తే సెకను సెకనుకూ సుమారు 135 మీటర్ల చొప్పున వేగం తగ్గుతోంది, అంటే గురుత్వ త్వరణానికి దాదాపు 14 రెట్లు.

నిజంలో గింజలు అంత సమంగా ఆపవు, అందువల్ల ఇక్కడ గీత వంకర తిరుగుతుంది. వంకర గీతకు ఒకే వాలు ఉండదు. ఏ క్షణపు త్వరణం కావాలంటే ఆ క్షణం దగ్గర స్పర్శరేఖ గీసి దాని వాలు కొలవాలి. మొదటి, చివరి వేగాల సగటు తీసే సూత్రం కూడా ఇక్కడ పనికిరాదు. గీత కింది గళ్లు లెక్కపెట్టి వైశాల్యం తెలుసుకోవడం మాత్రం అప్పుడూ చెల్లుతుంది. గుళిక ఎంత వంకరగా వేగం కోల్పోయినా, ఆ గళ్ల మొత్తం 8 మీటర్లకు మించకూడదు. ఒకచోట వాలు 14 రెట్లకంటే తక్కువైతే మరోచోట అంతకంటే ఎక్కువ కాక తప్పదు. కాబట్టి లోపల అమర్చే కెమెరా అయినా, బ్యాటరీ అయినా, 14 రెట్ల తాకిడిని ఓర్చుకుంటే సరిపోదు, అంతకు మించి తట్టుకునేలా బిగించాలి.